అయిపోని అష్టాచెమ్మా

మిల్లులో నాది దారం చుట్టే పని. పొద్దున ఆరింటి షిఫ్టు. కూత అయిపోయాక గేటు వేసేస్తే ఆ పూట జీతం గోవిందా. అందుకని నాలుగున్నరకే లేచి, బిడ్డకు సద్ది కట్టిపెట్టి, అది నిద్రలో ఉండగానే ఇల్లు దాటేదాన్ని. ఆయన నెక్కొండలో బియ్యం మిల్లులో ఉండి ఆదివారానికే వచ్చేవారు. ఇంట్లో నేనూ, అత్తమ్మా, ఒకటో తరగతి చదివే నా బిడ్డా.

ఆ పిల్ల ఎనిమిదింటికి పడుకోదు. ఎంత జోల పాడినా పడుకోదు. బళ్ళో పలక మీద తల వాల్చి నిద్రపోతోందని పంతులమ్మ పిలిపించింది. "ఇట్లయితే ఇంకో ఏడు ఒకటోదాంట్లనే కూసోవెడ్తమమ్మా," అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

సరేనని ఒక కట్టడి పెట్టాను. అన్నం తిన్నాక ఒక్క ఆట, అయిపోగానే పక్క ఎక్కాలి. బిడ్డ బుద్ధిగా తలూపింది. మా అత్తమ్మకు ఆట మధ్యలో లేస్తే ఇంటికి అరిష్టమని గట్టి నమ్మకం. కాబట్టి మొదలుపెట్టిన ఆట ముగించి తీరాలి.

మొదట వైకుంఠపాళి తెచ్చాను. ఒళ్ళు మండిపోయింది. పైవరుస దాకా పాకి పోతాం, అక్కడ నోరు తెరుచుకుని కూచున్న పాము మళ్ళీ కిందికి దింపుతుంది. మళ్ళీ మొదలు. రెండు రోజులకే దాన్ని చుట్టి అటక మీద పారేశాను.

తర్వాత అష్టాచెమ్మా. నేల మీద సుద్దతో ఐదు వరుసల గళ్ళు గీసి, నాలుగు గవ్వలు తీశాను. కాయలు నడిగడికి చేరి పండితే ఆట ముగిసినట్టే కదా అనుకున్నాను. కానీ మా ఇళ్ళల్లో ఒక షరతు ఉంది: ఎదుటివాళ్ళ కాయను ఒక్కదాన్నయినా చంపనిదే మన కాయ లోపలి గళ్ళలోకి పోరాదు. బయటి వరుసలోనే తిరుగుతూ ఉండాలి.

నేనేమో చిన్నపిల్ల ఏడుస్తుందని దాని కాయను చంపను. అదేమో నా కాయను చంపదు. తిరుగుతున్నాం, తిరుగుతున్నాం. నా నడుము విరిగిపోతోంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. పిల్లకు లెక్క తెలియదనుకుని "గిదిగో, ఈ కాయ జరుపు, నాది సస్తది," అని చూపించాను. అది చూసి కూడా ఇంకో కాయను జరిపింది.

గోడకానుకుని వక్కా ఆకూ నములుతున్న అత్తమ్మ నవ్వింది. "దానికి తెల్వక గాదే. పోరి కావాలనే ఆడుతాంది."

నాకు కోపం నషాళానికి అంటింది. "ఏందే, నాతోని మజాకులాడుతాన్నవా? ఎందుకు చంపుతలేవు?"

బిడ్డ గవ్వలు గుప్పిట్లో దాచుకుంది. "చంపితే ఆట అయిపోతది."

"అయిపోతే ఏమైతది?"

"పండుకోవాలె. పండుకుంటే నువ్వు పోతవు."

దాని లెక్క దానికి సరిగ్గానే ఉంది. కళ్ళు మూసేదాకా అమ్మ ఉంటుంది, తెరిచేసరికి ఉండదు. ఆ పూట అరిష్టమో గిరిష్టమో, గవ్వలు తీసి డబ్బాలో వేసేశాను. అత్తమ్మే లేచి తడిగుడ్డతో గళ్ళు తుడిచేసింది.

మర్నాడు వామనగుంటల పీట దించాను. చింతగింజలు పంచుకుంటూ పోవడం, ఖాళీ గుంట తగిలితే దాని పక్క గుంటలోవి తీసుకోవడం. గింజలు తగ్గిపోతూనే ఉంటాయి గనక ఎవరెంత జాగు చేసినా ఒక వాయి, అంటే ఒక విడత ఆట, ముగిసి తీరుతుంది. తర్వాత గెలుచుకున్న గింజలతో ఎవరి గుంటలు వాళ్ళు నింపుకుని రెండో వాయి మొదలుపెట్టాలి. నేను అక్కడే ఆపాను.

"గుంటలు నింపి పెడుదం. పొద్దుగాల నేను పోయేముందు నిన్ను లేపుత. మొదటి పంపకం నీదే. పంచినంకనే నేను పోత."

"ఒట్టు?"

"ఒట్టు, బిడ్డా."

అది ఎనిమిది కాకముందే పడుకుంది. నాకే నిద్ర పట్టలేదు. చిన్నపిల్లను చీకట్లో లేపడమేమిటి, నా బుద్ధి గడ్డి తిన్నదా అనుకున్నాను. కానీ ఒట్టు పెట్టాను కదా.

తెల్లవారుజామున పీట దగ్గర కూర్చోబెడితే అది మగతలోనే గింజలు తీసింది. ఒక్కో గుంటలో ఒక్కోటి వేసుకుంటూ పోయింది. ఆఖరి గింజ వేసి, నా వైపు చూడకుండానే, దుప్పట్లోకి దూరింది.

"అయిపోయింది. ఇగ నువ్వు పో అమ్మా," అంది.

మిల్లు గేటు దాకా ఏడుస్తూనే నడిచాను.