మీటరు తిరిగింది, బట్ట లేదు

పదో తరగతి పాసవ్వాలన్న కోరిక నాకు పదేళ్ల నాటిది. సిరిసిల్ల కుట్టు షెడ్డులో మిషన్ ముందు కూర్చుని, ‘ఈ ఏడు చదువుతా’ అనుకోని ఏడు లేదు. నాది ఆరంభశూరత్వమని నాకే తెలుసు. కానీ పోయినేడు మేనేజరమ్మ, ‘ఎండాకాలం అయిపోయేలోపు పది పాసైతే సూపర్‌వైజర్ నువ్వే, లేకపోతే బయటి మనిషిని తెస్తా’ అనేసింది. ఆ బయటి మనిషి నా మీద పెత్తనం చేయడం ఊహించుకుంటేనే ఒళ్లు మండింది. మా పుట్టింటి ఊరు కోరుట్లలో ఓపెన్ స్కూల్ సెంటర్లో పేరు రాయించుకున్నాను. క్లాసులు ఆదివారాలే.

పరీక్షకు నాలుగు నెలలుంది. కాలెండర్లో ప్రతి ఆదివారం కింద ఒక మాట రాశాను. ‘భిన్నాలు’, ‘బీజగణితం’, ‘త్రికోణాలు’. ఆదివారం వస్తే టిక్కు పెట్టేదాన్ని. నెల తిరిగేసరికి నాలుగు టిక్కులు. కోరుట్ల సెంటర్లో లెక్కలు చెప్పే సారు చూసి మెచ్చుకుంటాడనుకుంటే, భిన్నాల లెక్కొకటి బోర్డు మీద వేసి చాక్‌పీసు నా చేతికిచ్చాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాక్‌పీసు తిరిగి ఇచ్చేశాను.

“మరి టిక్కు పెట్టుకున్నవేందమ్మా?”

“పాఠం చదివిన సార్, రెండు సార్లు.”

“చదివినవ్. అచ్చిందా?”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆదివారం మరమగ్గాలకు సెలవు కాబట్టి, మగ్గం నడిపే నా భర్త కూడా వెంట వచ్చేవాడు. తిరుగుదారిలో బస్టాండులో ఆయన ఎప్పటిలాగే కండక్టరును, ఇద్దరు ముసలాళ్లను, ఒక కాలేజీ పిల్లను కూడా “గిది సిరిసిల్ల బస్సేనా?” అని అడిగాడు. బోర్డు కళ్ల ముందే ఉంది. నా ఏడుపులో నేనుండి విసుక్కున్నాను.

బస్సులో ఆయనే మాట కదిపాడు.

“ఓపాలి నా మగ్గం మీద అడ్డం పోసే పేక తెగింది. తెగితే మగ్గం దానంతటదే ఆగాలె. ఆగలె. బట్ట ఎంతయిందో లెక్కవెట్టే మీటరు మాత్రం తిరుగుతనే ఉంది. నేను మీటరే చూసుకుంట నిలబడ్డ. వంగి చూస్తే ఏముంది, ఉత్త నిలువు పడుగు పోగులే. అడ్డం పోగు ఒక్కటి లేదు.”

“గయితే?”

“నీ టిక్కులు గూడ గా మీటరే. బట్ట అయిందని ఎప్పుడంటం? కోసి, మడతేసి, సేటు లైటు ముందల పెట్టి చూసి మంచిగుందన్నంకనే గద.”

ఆ మాట నన్ను వదల్లేదు. ఇంతకీ ‘అయిపోవడం’ అంటే ఏమిటి? ప్రతి పనిలోనూ అదే వెతకడం మొదలుపెట్టాను. కుట్టులో నాకు తెలుసు, గుండీ పెట్టి లాగినా ఊడకపోతే అయినట్టు. భిన్నాలకు గుండీ ఏది?

కొత్త కాలెండర్ రాశాను. పరీక్ష తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చి, చివరి రెండు ఆదివారాలు ఖాళీగా వదిలాను. మిగతా ప్రతి తేదీ కింద పనితో పాటు అది ఎప్పుడు అయినట్టో కూడా రాశాను. ‘భిన్నాల కూడిక. పుస్తకం మూసి ఐదు లెక్కలు, నాలుగు సరిపోవాలి.’ సేటు పని నా భర్తకు అప్పగించాను. పుస్తకం వెనక జవాబులు ఉంటాయి, అంకెకు అంకె సరిచూసి చెప్పడమే. ఆయన కఠినాత్ముడు. మైనస్ గుర్తు మర్చిపోయినా “గిది పాస్ గాదు” అనేవాడు.

త్రికోణాల దగ్గర రెండు వారాలు తప్పాను. మునుపటి నేనైతే దొంగ టిక్కు పెట్టేదాన్ని. ఈసారి ఆ గడిని మూడు చిన్న పనులుగా కోశాను, ఒక్కోదానికి రెండు రోజులు, ఒక్కోదానికి మూడు లెక్కలు. ఖాళీగా ఉంచిన రెండు ఆదివారాలూ అక్కడే ఖర్చయ్యాయి. అయినా దారిలో పడ్డాను.

ఫలితాలు వచ్చిన రోజు ఫోన్లో నా నంబరు కొట్టి మూడు సార్లు చూసుకున్నాను. పాస్. లెక్కల్లో బొటాబొటి మార్కులే, అయినా పాస్. ఇక షెడ్డుకు బయటి మనిషి రాదు. నేను ఏడుస్తూ నవ్వుతుంటే ఆయన గోడ మీది కాలెండర్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

“గిండ్ల ఒక తారీకు నాకు గూడ ఇయ్యి.”

“నీకెందుకు?”

“బస్సు బోర్డు ఎవ్వల్ని అడగకుంట చదవాలె.”

రెండో తరగతిలోనే బడి మానేశాడని తెలుసు. మూడు నెలలు అంకెలు చూసి నన్ను దిద్దిన మనిషికి అక్షరాలు రావన్న సంగతి ఒక్కసారీ నా బుర్రకు తట్టలేదు. ఆ రోజు బస్టాండులో విసుక్కున్నదాన్ని నేనే.

మూడు నెలల తర్వాతి ఆదివారానికి సున్నా చుట్టాను. దాని ముందు వారాలకు నాలుగేసి అక్షరాలు పంచాను. అయినట్టు ఎప్పుడో ఆయనే చెప్పాడు, “నువ్వు దూరంగ నిలబడాలె, నేను ఎక్కాలె.”

ఆ ఆదివారం మా పుట్టింటికి బయల్దేరాం. సిరిసిల్ల బస్టాండులో నేను దూరంగా కొట్ల వైపు నిలబడ్డాను. ఆయన మూడు బస్సులు వదిలేశాడు. నాలుగోదాని ముందు పెదాలు కదిలించుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఎవరినీ అడగకుండా ఎక్కి, కిటికీలోంచి నన్ను రమ్మని చెయ్యి ఊపాడు. నేను పరుగున వెళ్లి బోర్డు చూశాను. కోరుట్ల బస్సే.