ఇంజనీరు గారికి బాబాయి ఉత్తరం

మా బాబాయి గొంతు సంగతి ముందు చెప్పాలి. ఆయన మా క్యాంపులో గట్టు మీద నిలబడి "ఒరేయ్" అంటే, మాన్విలో బస్సు కోసం నిలబడ్డవాళ్లు వెనక్కి తిరిగి చూసేవారు. ఆ గొంతుకి చిన్నా పెద్దా తేడా లేదు. తాసిల్దారునీ దున్నపోతునీ ఒకే రకంగా పలకరించేవాడు. దున్నపోతు పట్టించుకునేది కాదు. తాసిల్దారు పట్టించుకునేవాడు.

తుంగభద్ర కాలువ తవ్విన కొత్తలో, కృష్ణా జిల్లాలో ఉన్న కాస్త పొలం అమ్ముకుని, నల్లరేగడి కొని ఇటు వచ్చినవాళ్లం మేము. అలా వచ్చినవాళ్లు కట్టుకున్న ఊళ్లనే ఇక్కడ క్యాంపులంటారు. మా పొలం ఉపకాలువకి అట్టడుగున ఉండేది. కాలువ తల దగ్గర నీళ్లు ఏనుగంత ఉండేవి, నడుమకి వచ్చేసరికి గేదెంత అయ్యేవి, మా తూము దగ్గరికి చేరేసరికి ఎలుకపిల్లంత. ఆ సంవత్సరం వానలు ముందే ఆగిపోయాయి. ఎలుకపిల్ల కూడా రావడం మానేసింది. అప్పటికి చేను పొట్ట మీద ఉంది, కంకి ఇంకా బయటికి రాలేదు. వరి పొట్ట మీద ఉన్నప్పుడు నీళ్లు తప్పితే, ఆ తర్వాత సముద్రాన్ని తెచ్చి పెట్టినా కంకిలో గింజ ఉండదు, తాలే మిగులుతుంది. బాబాయికి ఉన్నది ఆ ఒక్క చేనే.

నీళ్లు వదలాల్సింది పెద్ద ఇంజనీరు గారు. ఆయన బళ్లారి వైపు మనిషి, ఇంట్లో తెలుగే. ఒకప్పుడు కాలేజీలో ప్రొఫెసరు. ఆ అలవాటు పోలేదు. వచ్చిన ప్రతి కాగితాన్నీ ఎర్ర పెన్సిలు చేతిలో పట్టుకుని చదివేవాడట. పక్క క్యాంపు రైతొకాయన తిన్నగా లోపలికి వెళ్లి, కూర్చోమనకుండానే కుర్చీలో కూర్చుని, "చూడవయ్యా" అన్నాడట. అంతే. ఆ రోజు నుంచి క్యాంపుల వాళ్లెవరికీ దర్శనం లేదు. "ఏం కావాలన్నా మర్యాదగా రాసి ఇవ్వండి, తెలుగులో ఇచ్చినా దొరగారే చదువుతారు" అని గుమాస్తా గుమ్మంలోనే చెప్పేసేవాడు.

మా క్యాంపులో పన్నెండు దాకా చదివినవాణ్ని నేనొక్కణ్నే. అంటే అందరి లెక్కలో యూనివర్సిటీని నేనే. బాబాయి పీట వాల్చుకుని కూర్చుని, "రాయరా అబ్బాయ్" అన్నాడు. రాశాను.

"ఏమయ్యా ఇంజనీరూ, బాగున్నావా? నువ్వు బాగానే ఉంటావులే, నీ బంగళా ముందు కాలువ నిండుగా పారుతోంది. ఇక్కడ మా తూము దగ్గర కప్పకి కాళ్లు తడవడం లేదు. చేను పొట్ట మీద ఉంది. నీళ్లు లేవు. పైవాళ్లు గండ్లు కొట్టి పెట్టుకుంటుంటే నీ లష్కరు బీడీ కాల్చుకుంటున్నాడు. వదిలావా సరే, లేకపోతే నేనే వస్తా."

లష్కరంటే గేట్లు ఎత్తి దించే కాలువ మనిషి. ఎక్కడ ఎవరు గండి కొట్టారో, అడ్డుకట్ట వేశారో చెప్పాల్సింది కూడా అతనే.

"బాబాయ్, ఇది పంపితే నీళ్లు రావు, పోలీసులొస్తారు" అన్నాను.

"ఏం, అబద్ధం ఉందా ఇందులో?"

"నిజమే. కాకపోతే నిజాన్ని కాలర్ పట్టుకుని లాక్కెళ్లినట్టుంది."

పిన్ని పొయ్యి దగ్గర్నుంచే, "మాన్వి షావుకారు గారి దగ్గరికెళ్లండి. పెద్దవాళ్లకి రాయడం ఆయనకి తెలుసు" అంది.

షావుకారు గారు మా ధాన్యం కొనే వర్తకుడు. నైజాం కాలంలో అర్జీలు రాసిన చెయ్యి అది. ఆ చేత్తో అర్జీ రాస్తే చెరువు కూడా లేచి నిలబడి సలాం కొట్టేదని బజార్లో చెప్పుకునేవారు. చెప్పుకునేవాళ్లలో ఆయనే ముందుండేవాడు. కళ్లజోడు తుడుచుకుని బాబాయి మాటలు చదివి, కాగితాన్ని వేడి పెనంలా రెండు వేళ్లతో పట్టుకుని పక్కన పెట్టాడు.

"ఏంది బిడ్డా గిది? గిది ఖత్తు గాదు, కొట్లాట! అంత పెద్ద సాబుకు మొదటి మాటనే ఏడుపు జెప్తరా? ముందుగాల దువా, అటెన్క తారీఫు, ఆఖరుకు మతలబు. ఆ మతలబు గూడ మెల్లగ, దస్తీల సుట్టి ఇయ్యాలె."

దువా అంటే దీవెన, తారీఫంటే పొగడ్త, మతలబంటే అసలు సంగతి, దస్తీ అంటే రుమాలు. తర్వాత ఆయన చెప్పాడు, నేను రాశాను. "మహారాజశ్రీ సకల సద్గుణ సంపన్నులైన ఇంజనీరు గారి దివ్య సముఖమునకు, తమ పాదధూళి అయిన రైతులు సాష్టాంగపడి చేసుకొను విన్నపము. తమ దయవల్ల ఇక్కడ మేమందరము క్షేమము. తమ చల్లని చూపుచేత కాలువ గంగామాతవలె ప్రవహించి పైరుపచ్చలు కళకళలాడుచున్నవి. ఆ దయాదృష్టి మా చివరి పొలాలమీద సదా ప్రసరించుచుండవలెనని ప్రార్థించుచున్నాము."

"పైరు కళకళలాడ్డం ఎక్కడుందండీ?" అన్నాను.

"అగో! ఉన్నదని గాదు బిడ్డా, ఉండాలెనని. సాబుకు సమజైతది."

బాబాయి వైపు చూశాను, అడ్డు చెబుతాడేమోనని. ఆయన తల ఊపాడు. అది ఆయనకి కొత్త సంగతి కాదు. తాతకి మేము రాసే కార్డుల మీద, గాలికి ఇంటి కప్పు ఎగిరిపోయిన ఏడు కూడా, మొదటి మాట "ఇక్కడ మేమంతా క్షేమం" అనే. కప్పు సంగతి కార్డు అడుగున, చిరునామా పక్కన ఇరుకులో ఉండేది. తాత అక్కణ్నుంచే చదవడం మొదలుపెట్టేవాడు. పెద్దవాళ్లని చెడ్డ కబురుతో పలకరించకూడదన్నది మా ఇంటి మర్యాద. ఇంజనీరు గారు మా తాత కాదన్న సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఉత్తరం వెళ్లింది. బాబాయి రోజూ గట్టు మీద కూర్చుని కాలువ పైకి చూసేవాడు. మడిలో నెర్రెలు నా వేలు పట్టేంత నుంచి నా కాలు పట్టేంత అయ్యాయి. మా దూడ ఒక నెర్రెలో పడి ఎక్కడో ఉన్న గబ్బూరులో తేలిందని నేను జోకు వేస్తే పిన్ని నవ్వలేదు. ఆ ఇంట్లో నా జోకుకి నవ్వకపోవడం అదే మొదలు.

జవాబు వచ్చింది. ఎంత చక్కటి చేతిరాత! "మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. చివరి పొలాలకు కూడా నీరు సక్రమంగా అందుతున్నందుకు తృప్తిగా ఉంది. పొదుపుగా వాడుకోండి."

బాబాయికి రెండుసార్లు చదివి వినిపించాను. ఆయన గొంతు మొదటిసారి నాకు వినపడీ వినపడనంత చిన్నదైంది. "నీళ్లు వస్తున్నాయని మనమే చెప్పామా?" అన్నాడు.

నేను ఆ కాగితాన్ని మడత పెట్టాను. అవునన్న మాట లష్కరు చెప్పాడు. మర్నాడు బాబాయి తూము దగ్గర గొడవకి దిగితే, సైకిలు దిగకుండానే, "నా మీద అరుస్తవేందయ్యా? మీరే రాసిచ్చిన్రు గదా, పైరంత కళకళలాడుతున్నదని! ఆఫీసుల సాబు సదివి ఇనిపిచ్చిండు. మీకు సాలినయంటె ఈ వంతు పక్క కాలువకు మళ్లించమన్నడు" అని, గంట కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

బాబాయి గట్టు మీదే కూలబడ్డాడు. చేను దగ్గరికి పోయి ఒక పొట్ట చీల్చి చూశాను. లోపల లేత కంకి ఇంకా పచ్చగానే ఉంది. నీళ్లు రాకపోతే నాలుగైదు రోజుల్లో వాడిపోతుంది.

ఇద్దరం మళ్లీ షావుకారు గారి కొట్టుకే వెళ్లాం. బాబాయి తిడతాడనుకున్నాను, తిట్టలేదు. జవాబు చదివిన షావుకారు గారి ముఖం ఎండిన మా మడిలాగే అయింది. తక్కెడ సర్దడం మొదలుపెట్టాడు.

"మతలబు మరీ లోపల సుట్టిన" అన్నాడు చివరికి. "ఈ సాబు దస్తీ ఇప్పి సూసేటోడు గాదు."

"ఇప్పుడేం రాయాలండీ? మీరు తప్పుగా అర్థం చేసుకున్నారని రాయనా?" అన్నాను.

"తోబ! అది రాస్తె ఇంక కతం. పెద్దాయన తప్పు సదివిండని జిందగీల రాయొద్దు. మేం సక్కగ చెప్పలేకపోయినమని రాయి."

బాబాయి ఒక్కసారిగా లేచాడు. "నేను చక్కగానే చెప్పాను కదరా! మొదటిదే పంపుంటే పోయేది!"

"పంపుంటే జైల్ల ఉండి సదువుకునేటోనివి" అన్నాడు షావుకారు గారు. కానీ మెత్తగా అన్నాడు. ఒక తెల్ల కాగితం నా ముందుకు తోశాడు. "ఈసారి నువ్వే రాయి బిడ్డా. నేను నోరు మూసుకుంట."

బాబాయి మాటలు ఉన్న మొదటి కాగితాన్ని పక్కన పరుచుకున్నాను. "ఏమయ్యా" కొట్టేశాను. బంగళా కొట్టేశాను. కప్పని తీసేయడం కష్టమనిపించింది, అయినా తీసేశాను. లష్కరునీ బీడీనీ వదిలేశాను. తన కింది మనిషి మీద చాడీ అందితే ఆయన ముందు ఆ చాడీకే జవాబు వెతుకుతాడు, నీళ్లకి కాదు. "నువ్వు" ఉన్నచోటల్లా "తమరు" పెట్టాను. చివర్లో ఉన్న బెదిరింపుని తీసి ఆ స్థానంలో ప్రార్థన పెట్టాను. అలా తీస్తూ పోతే రెండు చిన్న వాక్యాల దగ్గర చెయ్యి ఆగింది. వాటిలో కొట్టేయడానికి ఏమీ లేదు. కలపడానికీ ఏమీ లేదు.

"గౌరవనీయులైన ఇంజనీరు గారికి, నమస్కారాలు. మా పొలాలకు నీరు ఇప్పించవలసిందిగా కోరుతూ రాస్తున్నాము. ఇంతకుముందు రాసిన ఉత్తరంలో మా పరిస్థితి స్పష్టంగా చెప్పలేకపోయాము, మన్నించగలరు. మాది ఉపకాలువలో చివరి తూము. గత రెండు వంతులలోనూ మాకు నీరు చేరలేదు. చేను పొట్ట మీద ఉంది. నీళ్లు లేవు. ఈ వారంలో ఒక్క తడి ఇప్పిస్తే పంట దక్కుతుంది. తమరు ఎవరినైనా పంపి చూడమని ఆజ్ఞాపిస్తే మేము తూము దగ్గరే ఉంటాము. తమ సహాయానికి కృతజ్ఞులము."

చదివి వినిపించాను. షావుకారు గారు ఏదో అనబోయి, మాట ఇచ్చినట్టే నోరు మూసుకున్నాడు. పొగడ్త లేని కాగితం ఆయన కళ్లకి చొక్కా లేని మనిషిలా కనిపించి ఉంటుంది. బాబాయి మాత్రం, "ఆ రెండు మాటలు నావే కదూ?" అన్నాడు.

"నీవే బాబాయ్."

పోస్టులో వేయలేదు. గుమాస్తా చేతికే ఇచ్చి వచ్చాం. మూడో పొద్దుకి జీపు వచ్చింది. దిగిన చిన్న ఇంజనీరు చేతిలో మా కాగితమే ఉంది. ఆ రెండు వాక్యాల కింద ఎర్ర పెన్సిలు గీత, పక్కన "వెంటనే చూడండి" అన్న చక్కటి చేతిరాత. ఆయన మడిలోకి దిగి, బూటు నెర్రెలో ఇరుక్కుంటే లాక్కుని, కాలువ గట్టు వెంట పైకి వెళ్లాడు. పైవాళ్లు వేసుకున్న అడ్డుకట్టలు తీయించారు. మర్నాడు పొద్దున్న నీళ్లు వచ్చాయి. ముందు నురగ, వెనక ఎండుటాకులు, ఆ వెనక ఎర్రటి నీళ్లు. ఎలుకపిల్ల కాదు, గేదెంత వచ్చాయి. ఇందులో నేను పెంచి చెప్పింది ఏమీ లేదు.

కానీ మొదటి ఉత్తరం తినేసిన రోజులు తిరిగి రాలేదు. తూముకి దగ్గరగా ఉన్న మళ్లు ఈనాయి. మెరక మీద మళ్లలో కంకులు తెల్లగా, నిటారుగా నిలబడ్డాయి. గింజ ఉన్న కంకి తల వంచుతుంది. అవి వంచలేదు. కోత రోజుల్లో బాబాయి ఆ మళ్లని చుట్టి వెళ్లేవాడు గాని మధ్యలోంచి నడిచేవాడు కాదు.

నూర్పిళ్లయ్యాక పిన్ని, "ఇంజనీరు గారికి ఒక ముక్క రాయండి. నీళ్లిచ్చినందుకు చెప్పొద్దూ?" అంది. నేను కాగితం తీశాను. గౌరవనీయులైన, నమస్కారాలు వరకు రాసి ఆగాను.

"తర్వాత ఏం రాయను బాబాయ్? మేమంతా క్షేమం అననా?"

బాబాయి కొట్టంలో ఉన్న బస్తాల వైపు చూశాడు. పోయిన ఏడాది బస్తాలు దూలాన్ని అంటాయి, ఈసారి నా నడుం దాకానే ఉన్నాయి.

"సగం క్షేమం అని రాయి" అన్నాడు.

"అలా రాయరు బాబాయ్, పెద్దవాళ్లకి."

"ఆయన రాసింది రాసినట్టే చదువుతాడు కదా. రాయి."

రాశాను.