తొమ్మిదో తేదీ కిస్తీ

మా పెద్దవదినకు ఎవరు బాగుపడినా కడుపు నొప్పి రాదు. మా చిన్నవదిన బాగుపడితేనే వస్తుంది. ఇద్దరూ తోడికోడళ్ళు, ఒకే వీధిలో పక్కపక్క గదుల్లో దుకాణాలు. పెద్దావిడ బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. చిన్నావిడ జిరాక్సులు తీస్తుంది, లామినేషన్ చేస్తుంది. నేను ఇద్దరికీ ఆడపడుచుని. పైగా వాళ్ళిద్దరూ అప్పు తీసుకున్న సహకార సంఘంలో కిస్తీల కౌంటర్ దగ్గర కూర్చునేదాన్ని. ఇంతకంటే పాపిష్టి ఉద్యోగం ఇంకొకటి ఉండదు.

పెద్దవదిన పని చూస్తే ఎవరైనా ముచ్చటపడాల్సిందే. టేపు మెడలోనే ఉంటుంది కానీ పిల్లవాణ్ణి ఒకసారి ఎగాదిగా చూసి కొలత చెప్పేస్తుంది. వచ్చే ఏడు ఎదుగుతాడని లాగు కాలి అంచు లోపల రెండు వేళ్ళ గుడ్డ మడిచి ఉంచుతుంది. ఆ గుడ్డకు డబ్బులడగదు. ఇంత ఉదారమైన మనిషికి, పక్క గదిలోకి కొత్త కుర్చీ వస్తే మాత్రం ఆ పూట అన్నం సహించదు.

చిన్నవదిన గర్భసంచి ఆపరేషన్ చేయించుకుని నాలుగు నెలలు దుకాణం తెరవలేదు. నాలుగు కిస్తీలు ఆగిపోయాయి. కోలుకున్నాక వచ్చి అన్నీ ఒకేసారి కట్టేసింది. మామూలు వడ్డీ కాక ఆలస్యానికి పన్నెండు వందలు పడింది. ఆ అంకె గోడ దాటి పెద్దవదిన చెవిన పడింది.

మర్నాడు కౌంటర్ తెరవకముందే వచ్చి నిలబడింది.

"పన్నెండు వందలేనా? నేను ఒక ఏడు నాలుగు కిస్తీలు ఆపితే పద్దెనిమిది వందలు దాటించి గుంజారు! దానిదీ ఆరు వేల కిస్తీయే, నాదీ ఆరు వేల కిస్తీయే. అది చేసుకున్న పుణ్యమేమిటి, నేను చేసిన పాపమేమిటి?"

"నీది పాత కాగితం వదినా. ఆగిన సొమ్ము మీద నెలకు వందకు మూడు చొప్పున అపరాధ వడ్డీ. ఎన్ని రోజులు ఆగితే అన్ని రోజులకు. మూడు నెలలైతే ఆ వడ్డీ అసలులో కలుస్తుంది, అక్కణ్ణుంచి దానిమీదా వడ్డీ నడుస్తుంది. చిన్నవదినది కొత్త కాగితం. అందులో వడ్డీ కాదు, రుసుము. కిస్తీ తప్పితే మూడు వందలు, ఒక్కసారే. అది అసలులో కలవదు, దానికి వడ్డీ లేదు."

"మరింకేం, నాకూ దాని కాగితమే రాయి."

నేను వెంటనే ఫారం తియ్యలేదు. ఎందుకంటే పెద్దవదిన కిస్తీ గడువు ఒకటో తేదీ. బడులవాళ్ళు ఆమెకు డబ్బిచ్చేది ఐదునో ఆరునో. అందుకని ప్రతి నెలా ఐదేసి రోజులు ఆలస్యమే. ఆ ఐదు రోజులకు ఆమెకు పడే అపరాధ వడ్డీ ముప్ఫై దాటదు.

"వదినా, నెలల తరబడి ఆపేవాళ్ళను వడ్డీ ముంచుతుంది. నీలా నాలుగు రోజులు ఆపేవాళ్ళను రుసుము ముంచుతుంది. ఒక్క రోజు ఆలస్యమైనా మూడు వందలే, నెల ఆలస్యమైనా మూడు వందలే. నీకు ముప్ఫై పోయేచోట మూడు వందలు పోతాయి. పైగా కాగితం మార్చడానికి రెండు వేలు. అంతగా మారితే గడువు కూడా పదో తేదీకి మార్పించుకో, చిన్నవదిన పెట్టుకున్నట్టు."

ఆ చివరి ముక్క అనకుండా ఉండాల్సింది. అగ్గి మీద గుగ్గిలం వేసినట్టయింది.

"దాని తేదీ నాకెందుకు? నా తేదీ నాకుంది. నీకు ముందునుంచీ చిన్నదంటేనే ముద్దు. దానికి దొరికింది నాకు దక్కితే ఓర్చుకోలేక లెక్కలు చెబుతున్నావు."

ఓర్వలేనిది నేనట! నాకూ ఒళ్ళు మండింది. ఫారం తీసి ముందు పెట్టాను. గీసినట్టు సంతకం చేసి, రెండు వేలు కట్టి, గెలిచినదానిలా నడిచి వెళ్ళింది.

ఆమె అప్పటికి ఎంబ్రాయిడరీ మిషన్ కోసం పదిహేను వేలు బయానా కూడబెడుతోంది. ఊళ్ళో పెద్ద బడివాళ్ళు చొక్కాలన్నిటికీ జేబు మీద గుర్తు కుట్టించాలని నిర్ణయించారు. బడి తెరిచేలోగా మిషన్ ఉంటే ఆ పని ఆమెది, లేకపోతే కుట్టుపని కూడా కలిపి బజారు దర్జీకి పోతుంది. ఏళ్ళ తరబడి నిలబెట్టుకున్న బడి అది.

మొదటి నెల ఆరో తేదీన వచ్చింది. రసీదు చూసి, "ఇదేమిటి?" అంది. "రుసుము" అన్నాను. రెండో నెల ఏమీ అడగలేదు. మూడో నెల నా మొహం చూడలేదు. తప్పు తెలిసిపోయింది. కానీ తేదీ మార్చమని అడిగితే చిన్నవదిన చూపిన దారిన నడిచినట్టవుతుందని నోరు విప్పలేదు. నేనూ అడగలేదు, నాకూ పంతమే. ఆరు నెలలు అలాగే గడిచాయి, ఆరు మూడు వందలు పోయాయి.

బయానా కట్టాల్సిన రోజు నేను ఆమె గదిలోనే ఉన్నాను. నోట్లు మిషన్ బల్ల మీద పరిచి మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టింది. మూడు వేల ఎనిమిది వందలు తక్కువ. కాగితం మార్చిన రెండు వేలు, ఆరు నెలల రుసుము, సరిగ్గా అంతే. ఆవిడకూ ఆ లెక్క తెలిసింది. టేపు మెడలోంచి తీసి వేళ్ళకు చుట్టుకుంటూ కూర్చుంది.

అప్పుడే చిన్నవదిన వచ్చింది. ఆ గదుల మధ్య గోడ పేరుకే గోడ, అవతలివాళ్ళు నిట్టూర్చినా వినిపిస్తుంది. చేతిలో డబ్బుంది.

"అక్కా, ఇది తీసుకుని కట్టేసిరా."

"నీ డబ్బు నాకక్కర్లేదు. నువ్వు అదృష్టవంతురాలివి. నాలుగు నెలలు ఆపినా నీకు పన్నెండు వందలతో పోయింది. నేను ఐదు రోజులకు..." బల్ల మీది నోట్లను గబగబా పోగుచేసుకుంది.

చిన్నవదినకు కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు, అప్పుడూ రాలేదు.

"ఆ నాలుగు నెలలూ నేనెక్కడున్నాను అక్కా? మంచం మీద. ఇక నాకు పిల్లలు పుట్టరని చెప్పి పంపేశారు. సాయంత్రమైతే మీ ఇంట్లోంచి పిల్లల అల్లరి వినిపించేది. నీమీద ఎంత కుళ్ళుకున్నానో నీకు తెలీదు. ఆ తేడా డబ్బు కావాలంటే ఇచ్చేస్తాను. దాంతో పాటు ఆ నాలుగు నెలలు కూడా నువ్వే తీసుకో."

చిన్నవదిన డబ్బు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. అవతల జిరాక్సు మిషన్ మళ్ళీ మొదలైంది. పెద్దవదిన కొంగుతో మొహం తుడుచుకుని, ఆ నోట్లను తన నోట్లతో కలిపి లెక్కపెట్టి, చెప్పులేసుకుని బయానా కట్టడానికి బయల్దేరింది.

మర్నాడు కౌంటర్ దగ్గరికొచ్చి తల వంచుకుని నిలబడింది.

"కుళ్ళుకుందట అమ్మాయ్, నామీద. అదీ మొహం మీదే చెప్పి డబ్బిచ్చి వెళ్ళింది. ఇన్నేళ్ళుగా నేను కుళ్ళుకుంటూనే ఉన్నాను, ఒక్కనాడైనా అలా చెప్పగలిగానా? అందులో కూడా అది నన్ను మించిపోయింది."

కళ్ళు తుడుచుకుని, "ఆ తేదీ మార్చే కాగితం ఉందన్నావే, తియ్యి" అంది.

తీశాను. సంతకం పెట్టింది. గడువు దగ్గర పది అని రాయబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"పది దానిది. నాకు తొమ్మిది వెయ్యి."

తొమ్మిదే వేశాను.