ఐదింటికి చూడని ట్యూబు

మా ల్యాబు వాసన నాకు పన్నెండేళ్లయినా అలవాటు కాలేదు. పొద్దున్నే ఇంక్యుబేటరు తలుపు తీస్తే రాత్రంతా మగ్గిన క్రిముల కంపు ముఖాన కొడుతుంది. చీము, కఫం, మూత్రం, ఇదీ నా బతుకు. ఛీ! అయినా ఇప్పుడు నాకు రోత పుట్టించేది ఆ కంపు కాదు. అదేమిటో చెప్పాలంటే ముందు పుల్లలక్క గురించి చెప్పాలి.

పుల్లలక్క మా సీనియర్ టెక్నీషియను. ఆ పేరు పెట్టింది నేనే. ఆమె కోటు జేబులో ఎప్పుడూ చెక్కపుల్లల డబ్బా ఉండేది. ప్లేటు మీద మొలిచిన క్రిమి చుక్కను నేను ఇనుప తీగతో తీస్తే మీద పడిపోయేది.

"ఆక్సిడేజ్ పరీక్షకి ఆ తీగ పెట్టకురా నాయనా! ఆ ఇనుమే రంగు తెప్పిస్తుంది. లేని రోగం అంటగడతావు" అనేది.

ముప్పయ్యేళ్ల నౌకరీ ఆమెది. ఇంతకు మించి గొంతు పెంచగా నేను వినలేదు. చేతులు మూడుసార్లు కడిగితే గాని టిఫిన్ డబ్బా ముట్టేది కాదు. భర్త పోయాడు, కూతురు దూరంలో ఉద్యోగం. ఇంటికెళ్లి చేసేదేముందని సాయంత్రం అందరికన్నా ఆఖరున కదిలేది. ప్లేట్లు వారంరోజులు పారేయనిచ్చేది కాదు. ఫ్రిజ్ నిండా అవే. "ఈమెకు చద్దిప్లేట్ల పిచ్చి" అని నేను వెక్కిరిస్తే నవ్వేసేది.

ఒకరోజు మా ల్యాబు తుడిచే ఆయా ఏడుపు ముఖంతో వచ్చింది. కూతురికి ఆపరేషన్ చేసి కాన్పు చేశారు. తొమ్మిదోరోజు. కుట్ల దగ్గర చీము పట్టింది, జ్వరం దిగడం లేదు.

"అక్కా, నీ చేత్తో చూడక్కా. పసిగుడ్డు పాలకు ఏడుస్తున్నాడు" అంది.

అక్క ఆ చీమును రక్తం కలిపిన ప్లేటు మీద గీసింది. మర్నాటికి రెండు రకాల చుక్కలు మొలిచాయి, బూడిదరంగువి పెద్దవి, మీగడరంగువి చిన్నవి. అక్క పుల్లతో బూడిద చుక్కను తీసి ఆక్సిడేజ్ మందు తడిపిన కాగితం మీద రాసింది. పచ్చచీము తెచ్చే సూడోమోనాస్ అయితే పది సెకన్లలో ఊదారంగు తిరగాలి. కాగితం కదలలేదు. "పేగుల్లో ఉండే రకమే" అని రాసుకుంది. మీగడ చుక్కను కింది రక్తం అంటకుండా పైపైన గిల్లింది, రక్తం తగిలితే అదే పొంగుతుంది కనక. గాజుపలక మీద పెట్టి పెరాక్సైడ్ చుక్క వేసింది. బుసబుసమని నురగ. నురగ తెప్పించే కెటలేజ్ ఉందన్నమాట. స్ట్రెప్టో అనే క్రిమి అయితే నురగ రాదు, ఇది స్టాఫ్ అనే క్రిమి.

అయితే స్టాఫ్‌లో రెండున్నాయి. ఒకటి అందరి చర్మం మీదా ఊరికే ఉండే సాధువు. చీములో కనబడినా ఎక్కువసార్లు పైనుంచి అంటినదే. రెండోది ప్రాణం తీసే ఆరియస్. వాటిని విడదీసేది కోయాగులేజ్. కుందేలు ప్లాస్మాలో క్రిమిని కలిపి ఒంటి వెచ్చదనంలో ఉంచితే, ఆరియస్ దాన్ని గడ్డకట్టిస్తుంది. సాధువు కట్టించలేడు.

ఒంటిగంటకు అక్క ఆ ట్యూబును గోరువెచ్చని నీళ్లలో పెట్టింది. ఆ మధ్యాహ్నం నుంచి ఆమెకు కంటి ఆపరేషన్ కోసం సెలవు.

"గంటగంటకూ మెల్లగా వంచి చూడు. కుదపకు. ఐదింటికి తప్పకుండా చూడు. రేపటిదాకా వదిలావో, కొన్ని క్రిములు తాము కట్టిన గడ్డను తామే కరిగించేస్తాయి. నీళ్లు చూసి నెగటివ్ అని రాస్తావు" అంది.

"సరే అక్కా, నాకు తెలియదా" అన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

నాలుగున్నరకు ముసురు పట్టింది. వాన వస్తే బస్సు దొరకదు. ట్యూబు ఎక్కడికి పోతుందిలే అనుకుని కోటు తగిలించి వెళ్లిపోయాను. ఇంతే. అంతకన్నా గొప్ప కారణం నా దగ్గర లేదు.

పొద్దున తొమ్మిదింటికి ట్యూబు వంచితే ప్లాస్మా నీళ్లలా జారింది. "కోయాగులేజ్ నెగటివ్. చర్మపు క్రిమి, పట్టించుకోనక్కర్లేదు" అని రాశాను. మా ల్యాబు సారు ఫోను మాట్లాడుతూనే సంతకం గీకాడు. వార్డు డాక్టరు స్టాఫ్‌కి నడుస్తున్న మందు ఆపేసి, పేగు క్రిమికి మాత్రం ఉంచాడు. తిలాపాపం తలా పిడికెడు.

నాలుగోరోజు అక్క నల్లకళ్లద్దాలతో వచ్చింది. డాక్టరు వారం సెలవు రాసినా ఇంట్లో తోచలేదట. తలుపు దగ్గర ఆయా తుడుపుగుడ్డ పట్టుకుని కూలబడి ఉంది. కూతురి కుట్లు విడిపోయాయి. ఒళ్లు తెలియని జ్వరం. బిడ్డను పక్కన పడుకోనివ్వడం లేదు.

అక్క రిజిస్టరు తీసి ముక్కుకు ఆనించుకుని చదివింది.

"ఐదింటికి చూశావా?"

"చూశానక్కా. గడ్డ లేదు."

అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా నోరు నాకే కంపు కొడుతుంది.

ఆమె రిజిస్టరు మూసింది. ఫ్రిజ్ తెరిచి చద్దిప్లేటు బయటికి తీసింది. అదే పిచ్చి. మూడు ట్యూబులు సిద్ధం చేసింది. ఒకటి తప్పక గడ్డకట్టే తెలిసిన క్రిమి, ఒకటి కట్టనిది, మూడోది ఆ పిల్ల చీములోది. తొమ్మిదిన్నరకు గోరువెచ్చని నీళ్లలో పెట్టి, పక్కన రెండు స్టూళ్లు వేసింది.

"కూర్చో. నా కంటికి ఇంకా మసకే. నువ్వే చూడాలి."

గంటకోసారి నేనే వంచాను. పదిన్నరకు మూడోది నీళ్లలాగే కదిలింది. పదకొండున్నరకు కాస్త చిక్కబడింది. పన్నెండున్నరకు వంచితే తోడుకున్న పెరుగులా అడుగున నిలబడిపోయింది. జారలేదు.

"ఏం కనబడుతోంది?" అంది అక్క.

"గడ్డ."

"గట్టిగా చెప్పు. ఆయా కూడా వినాలి."

"గడ్డ కట్టిందక్కా. ఆరియస్!"

అక్క అప్పటికే వార్డుకి ఫోను తిప్పుతోంది. ఆ మధ్యాహ్నమే మందు మార్చారు, మళ్లీ థియేటరులోకి తీసుకెళ్లి కుళ్లు కోసేశారు. అక్క మాత్రం ఆ ట్యూబును పారబోయనివ్వలేదు. మర్నాడు తొమ్మిదింటికి నన్ను పిలిచి చేతిలో పెట్టింది. వంచాను. నీళ్లు. గడ్డ జాడే లేదు.

నా తల తీసేసినట్టయింది. "అక్కా, నేను ఆరోజు చూడలేదు. వాన వస్తుందని వెళ్లిపోయాను" అన్నాను.

"తెలుసు. చూసినవాడు రిజిస్టరులో వేళ రాస్తాడు. నువ్వు రాయలేదు" అని రిజిస్టరు నా ముందుకు తోసింది. "దిద్దు. నీ చేత్తోనే."

పాత వాక్యాన్ని కొట్టేసి, కొత్తది రాసి, పక్కన వేళ వేశాను. సారుకు ఆమె నా మీద చాడీ చెప్పలేదు. చెప్పినా బాగుండేది. తిట్లు తిని మరిచిపోయేవాణ్ని.

ఆ పిల్ల బతికింది. పొట్ట మీద అడ్డంగా రెండు కోతల మచ్చతో, నెలరోజులకు ఇంటికెళ్లింది. అప్పటికి పాలు ఎండిపోయాయి. బిడ్డ డబ్బాపాలకు అలవాటుపడ్డాడు.

వాళ్లు వెళ్లిన మర్నాడు ఆయా నా స్టూలు కింద తుడుస్తూ ఆగింది. కొంగుతో చేతులు తుడుచుకుని నా రెండు చేతులూ పట్టుకుంది.

"అక్క చెప్పింది బాబూ. గంటగంటకూ కూర్చుని చూసి కనిపెట్టింది నువ్వేనట కదా! నా బిడ్డ నీ చేతి చలవ వల్లే బతికింది."

అక్క వైపు చూశాను. ఆమె తల ఎత్తలేదు, ప్లేటు మీద పుల్లతో చుక్క తీసుకుంటోంది. ఆయా నా చేతులు కళ్లకద్దుకుంది. వెళ్లి మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నాను.