ఉత్తరంలో రాసిన నలుగురు

పోయినవి ముందు లెక్క చెబుతాను. ఐదుగురం కలిసి తినే మధ్యాహ్నం భోజనం పోయింది. ఆఫీసులో నాతో తెలుగు మాట్లాడే ఒకే ఒక్క మనిషి పోయింది. మాతోనే పనిచేసే మీనాబెన్‌కు, ఆమెకు మధ్య ఉన్న స్నేహం పోయింది. ఇవన్నీ నేను రాసిన ఒక్క మాట వల్ల పోయాయని ఎవరికీ తెలియదు. ఏళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఊరుగాని ఊళ్లో, పాండేసర అనే మిల్లుల పేటలో, బట్టలకు రంగులద్దే మిల్లులో లెక్కలు చూస్తాను. చదివి నేర్చుకున్నది కాదు. మగ్గం మీద మీటర్లు లెక్కపెడుతూ పట్టుబడిన విద్య. నా పక్క టేబుల్ శ్రీలతది. మా కరీంనగర్ వైపు వాళ్లే, ఇక్కడే పక్కనున్న భేస్తాన్‌లో పెరిగింది, బిల్లులు రాసేది. ఆమెకు సెంటు ఇష్టం.

మా గది కిటికీలు తెరవం. తెరిస్తే బయటి నాలా కంపు లోపలికొస్తుంది. ఏసీ ఉన్న గాలినే తిప్పి తిప్పి కొడుతుంది. పొద్దున కొట్టుకున్న సెంటు సాయంత్రం దాకా అక్కడే తిరిగేది. కొట్టుకున్నవాళ్ల ముక్కు కాసేపటికి అలవాటు పడిపోతుంది కదా, వాసన పోయిందనుకుని ఆమె భోజనమయ్యాక మళ్లీ కొట్టుకునేది. నాకు కణతల దగ్గర మొదలై కంటి వెనక దాకా నొప్పి పాకేది. కూడికలు తప్పేవి.

సేఠ్‌కు చెప్పదలచుకోలేదు. నలుగురిలో అనడమూ తప్పనిపించింది. ఉత్తరం రాశాను. నీ సెంటు చెడ్డదని కాదు, మూసిన గదిలో ఘాటైన వాసన పడితే తలనొప్పి వస్తోంది, వీలైతే తక్కువగా కొట్టుకో, ఆఫీసులో మళ్లీ కొట్టుకోకుంటే చాలు, కావాలంటే టేబుల్ జరుపుకుందాం. ఇంతవరకూ ఒక్క మాట కూడా తప్పు లేదు. ఇప్పటికీ అదే అంటాను.

కానీ మొదట 'నాకు' అని రాశాను. చదువుకుంటే భయమేసింది. ఒక మగవాడు, పక్కన కూర్చున్న ఆడమనిషి ఒంటి వాసన గురించి ఉత్తరం రాస్తే ఏమనుకుంటుంది? ఆ కాగితం చింపేశాను. కొత్త కాగితం మీద 'మా నలుగురికీ' అని రాశాను. మిగతా ముగ్గురినీ ఒక్క మాట అడగలేదు. మర్యాద కోసమేనని నాకు నేను చెప్పుకున్నాను. మర్యాదా అది? దాక్కోవడం కాదా?

మడిచి, ఎవరూ చూడకుండా ఆమె చేతికిచ్చాను. మర్నాడు మంచినీళ్ల దగ్గర ఆగింది.

"అన్నా, నీ చిట్టీ చదివిన. మంచిగనే చెప్పినవ్. నాకు తెల్వనే తెల్వదు."

"ఏమనుకోకు చెల్లె."

"ఏమనుకుంట? ఆటో దిగి నడిసొచ్చేసరికి బట్టలకు నాలా కంపు పడ్తది. మీరంత ముక్కు మూసుకుంటరేమోనని జర ఎక్కువనే కొట్టుకుంటుంటి. ఉల్టా అయింది సూడు!" నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "మీనాబెన్ గూడ అన్నదా? మొన్ననే నా సెంటు ఏ కంపెనీదని అడిగె గదన్నా?"

అప్పుడైనా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది.

"మొఖం మీద ఎవలు చెప్తరు చెల్లె?" అన్నాను.

ఆ రోజు నుంచి సెంటు లేదు. నా తలనొప్పి పోయింది. ఆమె డబ్బా తెచ్చుకుని తన టేబుల్ దగ్గరే తినేది. ఎవరి దగ్గరికైనా వెళ్లేముందు చున్నీ అంచు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకునేది. "ఏం మేడమ్, మా రోటీలు చేదెక్కాయా?" అని ఎదుటి టేబుల్ జిగ్నేష్‌భాయ్ హిందీలో ఆటపట్టిస్తే తల దించుకునేది. మేమేమైనా అన్నామా అని మీనాబెన్ నన్నే అడిగింది. ఇంట్లో ఏదో టెన్షన్ అయి ఉంటుందన్నాను.

కొన్నాళ్లకు వేరే మిల్లులో పని చూసుకుంది. చివరి రోజు మీనాబెన్ రంగు కాగితం చుట్టిన పెట్టె ఇచ్చింది. శ్రీలత విప్పింది. అదే సెంటు. కొత్త సీసా. "నువ్వు మానేశాక ఈ గది అంతా నాలా వాసనే" అంది మీనాబెన్ ప్రేమగా. ప్రేమగానే. నాకు తెలుసు. శ్రీలతకు తెలిసే దారి లేదు, ఆ దారి మూసింది నేను. ఆమె సీసా వైపు చూసింది. మా అందరి వైపూ చూసింది. పోయేముందు కూడా ఎగతాళేనా అన్నట్టుంది ఆ చూపు. సీసా టేబుల్ మీదే పెట్టి వెళ్లిపోయింది. మీనాబెన్ ఏడ్చింది. నేను కాలిక్యులేటర్ నొక్కుతూ కూర్చున్నాను. ఏం లెక్కేశానో తెలియదు.

ఆమె నంబరు నా ఫోన్‌లో ఉంది. ఎన్నోసార్లు తీశాను. చెబితే ఆమె బరువు దిగుతుందా, నా బరువేనా? తేల్చుకోలేక మళ్లీ జేబులో పెట్టేస్తాను. ఇక్కడ రాస్తుంటే మాత్రం ఊపిరి కొంచెం ఆడుతోంది.

నలుగురని రాశాను. నిజం ఒక్కడు. ఆ ఒక్కణ్ని తీసేస్తే శ్రీలతకు ఈ రోజుకీ నేను బాకీ ఉన్నది ముగ్గురు మనుషులు.