పులివెందుల అవ్వ కొట్టేసిన మాటలు

ప్రొద్దుటూరులో నేను ఫ్లెక్సీ షాపులో డిజైనర్‌గా ఉన్నప్పుడు ఎన్నికలు దగ్గరపడ్డాయి. రెండు పార్టీల ఫ్లెక్సీలూ నా కంప్యూటర్ మీదే పుట్టేవి. పొద్దున ఒక నాయకుణ్ణి సింహం చేసేవాణ్ణి, మధ్యాహ్నం ఆయన ప్రత్యర్థిని కూడా సింహమే చేసేవాణ్ణి. మా దగ్గర ఉన్న సింహం బొమ్మ ఒక్కటే. రెండోసారి తల అటు తిప్పేవాణ్ణి. ఒకప్పుడు ఒకరి ఊరికి ఒకరు పోలేని రెండు ముఠాల మనుషులు మా షాపు బల్ల మీద పక్కపక్కన కూర్చుని, తమ ఫ్లెక్సీ అవతలి వాళ్ల దానికంటే అడుగు పొడవు ఉండాలని గొడవపడేవారు. ప్రశాంతత అంటే అదేనని మా ఓనరు అనేవాడు.

‘పేదల పాలిటి దేవుడు’ అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఏ పేదవాడూ వచ్చి, ఆ దేవుడు మా ఇంటికి రాలేదే అని నన్ను నిలదీయలేదు. రాత అంటే అంతే అనుకున్నాను. ఆ చేత్తోనే చిన్నమ్మ పొడికీ సబ్బుకూ క్యాప్షన్లు రాశాను.

చిన్నమ్మది జమ్మలమడుగు. మునగాకు ఎండబెట్టి, మొలకెత్తిన రాగులు కలిపి పొడి చేసి ప్యాకెట్లలో అమ్మేది. దానికి ఆహార లైసెన్సు తీసుకుంది. సబ్బులు లైసెన్సున్న చోట చేయించేది. నాలుగు కార్లున్న ఇంటి కోడలు ఆకుల పొడి అమ్మడమేందని అత్తింటివాళ్లు ఏడాది పాటు నవ్వారు. ఆమె పట్టించుకోలేదు. ఫోన్‌లో ఒక పేజీ తెరిచి, రాసే పని నాకిచ్చింది.

పొడికి నేను రాసింది: ‘షుగర్‌కు చెక్. ముప్పై రోజుల్లో మాత్రలకు సెలవు.’ సబ్బుకు: ‘ఏడు రోజుల్లో తెల్లటి మెరుపు.’ కింద రెండు ఫోటోలు. వాటిలో ఉన్నది కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటులో పనిచేసే నా స్నేహితుడు. మొదటి ఫోటో డ్యూటీ దిగి బూడిదతో వచ్చినప్పటిది. రెండోది ముఖం కడుక్కుని ట్యూబ్‌లైటు కింద నిలబడినప్పటిది. రెండింటికీ మధ్య ఏడు రోజులు కాదు, పది నిమిషాలు. కడుక్కున్నది కూడా మా సబ్బుతో కాదు.

ఒకరోజు చిన్నమ్మ వాకిట్లో సబ్బుల ఫోటోలు తీస్తుంటే తెల్లబండి ఒకటి వచ్చి ఆగింది. నలుగురు దిగారు. మా వైపు ఇలాంటి బండి ఆగితే ముందు తలుపులు వేసి, తర్వాత ఎవరని అడుగుతారు. ఎదురింటివాళ్లు ఆ పద్ధతే పాటించారు. ముందున్నాయన చేతిలోని సంచిలోంచి కత్తి వస్తుందని నేను ఎదురుచూశాను. డాక్టరు చీటీ వచ్చింది.

“ఈ పొడి మీదేనా అక్కా?”

“మాదేప్పా. కూచో.”

“మాది పులివెందుల. మీ రాత చదివి మా అమ్మ షుగర్ మాత్రలు ఆపేసింది. తొమ్మిది దినాలు. నిన్న కండ్లు తిరిగి పడింది. ఆస్పత్రిలో చూస్తే షుగర్ మూడొందలు దాటింది.”

“ఇప్పుడెట్లుండాది?”

“మాత్రలు మళ్లా మొదలుపెట్టినారు. బాగుంది. రాసినోడు యాడుండాడు?”

చేతిలో సబ్బుతో నేను అక్కడే ఉన్నాను. ఆ క్షణంలో కరిగిపోయే అవకాశం సబ్బుకు ఉంది గానీ నాకు లేదు.

“రాసింది వీడు. పెట్టమన్నది నేను. అడగాల్సింది నన్ను” అంది చిన్నమ్మ.

“అన్నా, అది ఊరికే, ఫ్లెక్సీ మాదిరి రాసిన మాట...” అన్నాను.

“ఫ్లెక్సీ చూసి మా అమ్మ ఓటు గూడా వేయదు. నీ రాత చూసి మాత్రలు ఆపింది.”

రేపే కడపలో కంప్లయింట్ ఇస్తానని ఆయన లేచాడు. “ఇయ్యప్పా. అది నీ హక్కు” అంది చిన్నమ్మ. లైసెన్సు పోతే ఏడాది నవ్వినవాళ్లు ఇంకో పదేళ్లు నవ్వుతారని ఆమెకు తెలుసు.

బండి కదలగానే నేను ఫోన్ తీసి ఆ పోస్టు చెరిపేయబోయాను. చిన్నమ్మ చేయి పట్టుకుంది.

“గమ్మున తీసేస్తే, చదివినోళ్లకు ఎట్ల తెలుస్తాదిరా?”

ఆ పోస్టు తీసి, అదే పేజీలో అన్నిటికంటే పైన ఇంకొకటి పెట్టాం: ‘మేము తప్పు రాశాం. ఈ పొడి షుగర్‌ను తగ్గించే మందు కాదు. మాత్రలు ఆపకండి. ఆపి ఉంటే ఈరోజే డాక్టరును కలవండి.’ సబ్బు ఫోటోలు కూడా తప్పేనని ఇంకొకటి పెట్టాం. నా స్నేహితుడి కీర్తి అలా ముగిసింది. తర్వాత చిన్నమ్మ పొడి కొన్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసింది. చాపాడులో ఒకాయన మాత్రను సగానికి విరిచి వేసుకుంటున్నాడు. ఆ ఒక్క ఫోన్ తర్వాత నేను ఆ రోజంతా జోకు వేయలేదు. ఇంట్లోవాళ్లు నాకు జ్వరమేమోనని చూశారు.

తెల్లబండి ఆయన మాట మీద నిలబడ్డాడు. ఆహార శాఖ అధికారి వచ్చి ప్యాకెట్లూ, పేజీలో ఉన్నవీ, తీసేసినవీ అన్నీ అడిగి చూశాడు. నయమవుతుందనే మాట ప్యాకెట్ మీదైనా ఫోన్‌లోనైనా తప్పేనని చెప్పాడు. కింద చిన్న అక్షరాలతో ‘ఫలితాలు మారవచ్చు’ అని పెడితే సరిపోతుందా అని నేను అడిగాను. పైన అబద్ధం రాస్తే కింద చిన్న అక్షరాలు కాపాడవన్నాడు. ఇంకోసారి జరిగితే జరిమానా అని నోటీసు ఇచ్చాడు. లైసెన్సు మిగిలింది.

ఆ వారమే చిన్నమ్మ నన్ను పులివెందుల తీసుకుపోయింది. మాత్రలు ఆపిన ఆ అవ్వ రిటైరైన తెలుగు టీచరు. మంచం మీద కూర్చుని నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“రాసినోడివి నువ్వేనా?”

“నేనే అవ్వా.”

“తెలుగు బాగుంది. అదే నన్ను ముంచింది.”

కొత్తగా రాసిన క్యాప్షన్లు చూపమంది. ‘అద్భుతమైన శక్తినిచ్చే పొడి’ అని చదివి ఆగింది.

“ఎవరికి వచ్చింది శక్తి? నీకా? ఈ మెట్లెక్కి ఆయాసపడుతాండావే. కొట్టెయ్.”

“సహజమైనది కాబట్టి ఏ ఇబ్బందీ రాదు...” తర్వాతిది నేనే చదివాను.

“దురద పుట్టించే దూలగొండి గూడా సహజమే. రుద్దుకుంటావా? కొట్టెయ్.”

సబ్బు దగ్గరికి వచ్చేసరికి నా వాక్యాల్లో సబ్బు అనే మాట ఒక్కటే మిగిలింది. వెళ్లేటప్పుడు, “ఇంక మీదట పెట్టేముందు నాకు పంపు. చదివి మోసపోయేది మా వయసోళ్లే” అంది.

అప్పటి నుంచి అదే మా పద్ధతి. నేను రాసి పంపితే ఆమె వాయిస్ మెసేజ్ పంపేది. చిన్నమ్మ స్నేహితురాలికి సబ్బు ఊరికే ఇచ్చి పేజీలో పొగిడిస్తే, ఊరికే ఇచ్చామని పైన రాయమంది. ఫోటోలకు ఫిల్టర్ వద్దంది. ఫ్లెక్సీ షాపులో ఏ నాయకుడూ నా రాతను ఇన్నిసార్లు వెనక్కి పంపలేదు. వాళ్లెప్పుడూ ఇంకో విశేషణం కలపమనేవారే తప్ప తీసెయ్యమన్నవాళ్లు లేరు.

నాలుగు నెలలకు ఒకటి పంపాను: ‘మునగాకు, రాగుల పొడి. గ్లాసు మజ్జిగలో ఒక చెంచా. ఇది ఆహారం, మందు కాదు. మీరు వాడే మాత్రలు ఆపకండి, షుగర్ ఉంటే ముందు డాక్టరును అడగండి. కొంచెం చేదుగా ఉంటుంది.’

సాయంత్రం మెసేజ్ వచ్చింది. “కొట్టేసేదేం ల్యాదు. చేదన్నావు చూడు, ఆడ నమ్మినా. డాక్టర్ని అడిగినా, తాగొచ్చన్నాడు. మావాన్ని పంపిస్తా, రెండు ప్యాకెట్లు ఇయ్యి.”

మరుసటి రోజు తెల్లబండి వాకిట్లో ఆగింది. ఎదురింటివాళ్లు అలవాటుగా తలుపు వేసుకున్నారు. ఆయన దిగి, “రాసినోడు యాడుండాడు?” అన్నాడు. ఈసారి నేను ముందుకు వచ్చి నిలబడ్డాను.