ఎర్ర గచ్చు ఎవరి వంటింటిది

సత్యవాణి రాజమండ్రిలో ఓ సర్వే ఆఫీసులో కంప్యూటర్ మీద మ్యాపులు చేస్తుంది. పుట్టింది మాత్రం గోదావరి మధ్య లంకలో. ఆ ఊరు ఏట్లో కలిసిపోయి పదకొండేళ్ళు. వాళ్ళమ్మ రత్తమ్మ ఇప్పటికీ చేపలు తోముతూ, మన వంటింట్లో అయితే కిటికీలోంచి గాలి వచ్చేదే అంటుంది. అద్దింటి వంటగదికీ కిటికీ ఉంది. అయినా అంటుంది.

ఈ వేసవికి నీరు తగ్గి లంక పైకి తేలింది. గట్టు పనికి దాని మ్యాపు కావాలని ఆఫీసుకి పని వచ్చింది. మామూలుగా నేల మీద గుర్తులు పరిచి, వాటిని కొలిచి, డ్రోన్ ఫోటోల్ని వాటికి సరిపెడతారు. ఇక్కడ మోకాలి లోతు బురద, కాలు పెట్టలేం. అందుకని ఆఫీసులో డ్రోన్ పని చూసే అశోక్, ఎక్కడుందో ముందే కచ్చితంగా కొలిచి ఉన్న గట్టు మీది సర్వే రాయిపైన శాటిలైట్ రిసీవర్ నిలబెట్టి డ్రోన్ ఎగరేశాడు. రెండూ ఒకే టైములో శాటిలైట్ సిగ్నళ్ళు రాసుకుంటాయి. తర్వాత ఆ రెండూ కలిపి లెక్కేస్తే ప్రతి ఫోటో ఎక్కణ్ణించి తీసిందో నాలుగైదు సెంటీమీటర్ల తేడాలో తెలుస్తుంది.

ఫోటోలన్నీ ఒకే మ్యాపుగా అతికాక బురదలో ఓ ఎర్ర గచ్చు ముక్క, పొయ్యి దిమ్మె కనబడ్డాయి. ఆ వీధిలో అన్ని వంటిళ్ళకీ ఒకే మేస్త్రీ అదే ఎర్ర గచ్చు వేశాడు, చూసి ఎవరిదో చెప్పడం కుదరదు. ఇళ్ళు పోకముందు అదే రాయి నుంచి కొలిచిన పాత సర్వే గీతలు సత్యవాణి దాని పైన వేసింది. దిమ్మె సరిగ్గా వాళ్ళ వంటింట్లో పడింది. ఆగలేక అమ్మకి ఫోన్ చేసేసింది. రత్తమ్మ ఆ రోజు అన్నం తినలేదు, పడవ ఎవరిస్తారా అని అందర్నీ అడుగుతూ కూర్చుంది.

ఆ తర్వాత గానీ సత్యవాణి తూము మూల సరిచూడలేదు. గట్టు మీద విడిగా కొలిచి ఉంచిన చోటది. మ్యాపులో రెండున్నర మీటర్లు తూర్పుకి ఉంది. ఫోటోలు ఒకదానితో ఒకటి చక్కగా అతికాయి, మొత్తం కలిసి పక్కకి జరిగింది.

"రాయి కొలతలు నువ్వు ఎక్కించావా, అశోక్?"

"లేదండి. రిసీవర్ తనే చోటు పట్టుకుంది కదా, సరిపోద్దనుకున్నా."

రిసీవర్ సొంతంగా పట్టిన చోటు మీటర్లలో తప్పుతుంది. అది తప్పితే దాన్ని నమ్ముకున్న ఫోటోలన్నీ అంతే తప్పుతాయి. సత్యవాణి రాయి అసలు కొలతలు, రిసీవర్ ఎత్తు ఎక్కించి, లెక్క మొదటినుంచి కట్టి, ఫోటోల్ని మళ్ళీ అతికించింది. తూము మూల నాలుగు సెంటీమీటర్ల తేడాతో కూర్చుంది. దిమ్మె మాత్రం సందు దాటి పక్కింటి బుల్లెమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. సత్యవాణి వాళ్ళ వంటిల్లు ఉన్నచోట నీళ్ళే.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పింది. రత్తమ్మ మ్యాపు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇంకోసారి లెక్కెయ్యవే."

"రెండుసార్లు వేశానమ్మా."

"మనది అసలేం లేదా?"

"నీళ్ళ కిందేమైనా ఉందేమో. ఫోటోలో తెలీదు."

రత్తమ్మ నీళ్ళున్నచోట బొటనవేలితో నిమిరింది. కాసేపటికి, మొగల్తూరులో ఉన్న బుల్లెమ్మకి ఫోన్ కలపమంది.

"దాని పొయ్యి ఉందని చెప్పాలి. అది కూడా ఇన్నేళ్ళూ ఏడుస్తానే ఉంది."